పొలం నుంచి ఫ్లాట్‌కి కూరగాయలు: దళారిని తీసేస్తే అతని పని ఎవరు చేస్తారు?

క్లుప్తంగా: రైతు దగ్గర కొని నేరుగా ఇళ్లకు చేర్చే పనిలో కమీషన్ మిగలడం నిజమే. కానీ మార్కెట్‌లో నలుగురు పంచుకునే పని ఒక్కరి మీద పడుతుంది. లాభనష్టాలు తేలేది పొలం ఎంత దగ్గర అన్నదాని మీద కాదు, బండి ఒక్కచోట ఆగితే ఎన్ని ఇళ్లకు సంచులు దిగుతున్నాయి, కోసిన సరుకులో ఎంత మిగిలిపోతోంది అన్నదాని మీద. పాల లెక్క వేరు, పండ్ల లెక్క వేరు. కింద ఎక్కువగా కూరగాయల సంగతే ఉంది, అదీ చేవెళ్ల, షాబాద్ వైపు నుంచి హైదరాబాద్ పడమటి కాలనీలకు వచ్చే సరుకు ఉదాహరణగా.

మధ్యలో డబ్బు ఎటు పోతోంది

రైతుకు కిలో పది రూపాయలు, అపార్ట్‌మెంట్ ముందు తోపుడు బండి మీద ముప్పై. మధ్యలో ఇరవై ఎవరు తింటున్నారు? ఊళ్లో బాబాయికి పొలం ఉండి సిటీలో ఉద్యోగం చేసే ప్రతివాడికీ ఎప్పుడో ఒకసారి వచ్చే ఆలోచనే ఇది. చాలామంది వాట్సాప్ గ్రూపు పెట్టేది కూడా ఇక్కడి నుంచే.

ఆ ఇరవైలో కమీషన్ ఏజెంట్‌ది ఒక ముక్క మాత్రమే. బోయిన్‌పల్లికో గుడిమల్కాపూర్‌కో సరుకు తెచ్చిన రైతు ఆటో కిరాయి కట్టాలి, హమాలీ కట్టాలి, తరుగు కింద కొంత తూకం వదులుకోవాలి. వేలంలో కొన్న మారుబేరగాడు మళ్లీ బండి మాట్లాడుకుని కాలనీకి తెచ్చుకుంటాడు. పెట్టెలో పది కిలోలు మంచివి, ఐదు కిలోలు మామూలువి ఉంటే పొద్దున ఎక్కువ ధరకు మంచివి, సాయంత్రం చవగ్గా మిగతావి అమ్ముతాడు. కుళ్లినవి పారేస్తాడు. రోజంతా నిలబడినందుకు అతనికీ కూలి పడాలి కదా. అంటే ఆ ఇరవై రూపాయల్లో రవాణా, ఏరివేత, కుళ్లు, అమ్ముడుపోకపోతే వచ్చే నష్టం, ఒక మనిషి రోజుకూలి అన్నీ ఉన్నాయి.

రైతుబజార్లు వచ్చినప్పుడు, అంటే 1999లో, ఈ పనులన్నీ రైతే చేసుకుంటాడన్న లెక్క మీదే వచ్చాయి. రైతే తెస్తాడు, రైతే కూర్చుని అమ్ముకుంటాడు. ధర బాగుంటుంది గానీ పొలంలో ఉండాల్సిన మనిషి పొద్దంతా తక్కెడ ముందు ఉండాలి. ఇంటికి చేర్చే పద్ధతిలో రైతు పొలంలోనే ఉంటాడు, మిగతా పనులన్నీ చేర్చేవాడివి. మధ్య మనిషి పోలేదు, మారాడంతే.

దళారి చేసే ఇంకో పని బయటికి కనపడదు. విత్తనాలకీ మందులకీ అడ్వాన్స్ ఇచ్చేది చాలాచోట్ల అతనే. ఆ బాకీ ఉన్న రైతు పంట మొత్తం వేరేవాళ్లకు మళ్లించలేడు. మళ్లిస్తే వచ్చే పంటకు చేబదులు పుట్టదు. కాబట్టి కొత్తగా వచ్చినవాడు 'మొత్తం నాకే ఇవ్వు' అని అడగడం రైతును ఇరుకున పెట్టడమే అవుతుంది. కొంత భాగం అడిగి, తూకం వేసిన చోటే ఫోన్‌లో డబ్బు కొట్టేస్తే ఏ టెన్షనూ లేకుండా నడుస్తుంది. వారం అరువు పెట్టి నిలబడ్డ ఏర్పాట్లు తక్కువ.

రైతుతో బేరం ఎలా కుదురుతుంది

బాగా పనిచేసే సూత్రం ఒకటి ఉంది. ఆ రోజు మార్కెట్‌లో పలికిన ధరే, కానీ పొలం గట్టు మీద. వంకాయ బోయిన్‌పల్లిలో 25 పలికితే రైతుకు ఖర్చులు పోను చేతికి 19, 20 వస్తాయి అనుకోండి. గట్టు మీదే 25 ఇస్తే అతనికి కిలోకు ఐదు రూపాయలు మిగిలినట్టే, రాత్రి ప్రయాణం కూడా తప్పుతుంది. చేర్చేవాడికీ దీనివల్ల ఒక సౌకర్యం. ధర మీద రోజూ వాదన ఉండదు, మార్కెట్ ధర ఇద్దరికీ తెలిసిందే.

చిక్కు ధర దగ్గర కాదు, సరుకు దగ్గర వస్తుంది. ఇళ్లకు ఇచ్చే కాయ బాగుండాలి కాబట్టి పెట్టెలో మంచివి మాత్రం ఏరుకుంటారు. మిగిలినవి రైతు మార్కెట్‌కి తీసుకెళ్తాడు. అక్కడ కొనేవాడు పెట్టెలో చెయ్యి పెట్టగానే పైకాయ తీసేశారని కనిపెట్టేస్తాడు, ధర కోస్తాడు. అలా ఇక్కడ కిలోకు ఐదు ఎక్కువ వచ్చినా అక్కడ మొత్తం పెట్టెల మీద అంతకంటే ఎక్కువ పోతుంది. రెండు మూడు వారాలకే రైతుకు ఈ లెక్క అర్థమై ఫోన్ ఎత్తడం తగ్గిస్తాడు. 'రైతులకు మాట మీద నిలబడటం రాదు' అని తరవాత చెప్పుకునే కథల్లో సగం ఇవే. పెట్టెలు ఏరకుండా ఉన్నదున్నట్టు మార్కెట్ ధరకు తీసుకుని, ఏరివేత నష్టం తామే భరించాలి. లేదంటే ఏరిన కాయకు మార్కెట్ ధర మీద ఇంకో నాలుగైదు రూపాయలు కలిపి ఇవ్వాలి. మూడో దారి లేదు.

తెలిసిన రైతులు ఉండటం లాభమే, కానీ అందులో ఒక మెలిక ఉంది. బయటి రైతు ముదురు బెండకాయ తెస్తే వద్దనొచ్చు. సొంత బాబాయి తెస్తే నోరు రాదు. చుట్టరికం ఉన్నచోట ఏ కాయ తీసుకుంటారు, ఏది తీసుకోరు అన్నది మొదటి రోజే కాయ చేతిలో పట్టుకుని చూపించి మాట్లాడుకోవడం మేలు.

బెండకాయ ఆదివారం దాకా ఆగదు

సిటీలో ఆర్డర్లు వారానికి రెండుసార్లు, మామూలుగా బుధవారం, ఆదివారం. చెట్టు అలా కాయదు. బెండ రోజు విడిచి రోజు కోయాలి, ఒక్క కోత తప్పితే కాయ ముదిరి పీచు పడుతుంది. బీర, దోసకు కూడా రెండు మూడు రోజులకోసారి కోత తప్పదు. వంగ కాస్త ఓపిక పడుతుంది. అంటే వారంలో బెండ మూడు నాలుగు కోతలకు వస్తే అందులో రెండే ఇళ్లకు వెళ్తాయి, మిగతావి ఎటు పోవాలి? మార్కెట్‌కే.

పరిమాణం చూసినా అంతే. కాపు మీదున్న ఎకరా బెండ కోతకు క్వింటాలు దాటి వస్తుంది. 60 ఇళ్లు తలా అరకిలో తీసుకుంటే 30 కిలోలు. 'మీ పంట మొత్తం మేం కొంటాం' అన్న మాట ఇక్కడే తేలిపోతుంది. ఒక రైతు ఎకరా కంటే నలుగురు రైతుల దగ్గర తలా పావు ఎకరా, వేరువేరు కూరలు ఉంటే ఇళ్ల అవసరానికి సరిపోతుంది. ఆ పావు ఎకరా ఇచ్చే రైతుకు మిగతా పంటకి మార్కెట్ దారి తెరిచే ఉండాలి. అందుకని ఈ ఏర్పాటు మార్కెట్‌కి పోటీ అనుకోవడం కంటే, మార్కెట్ పక్కన ఉండే చిన్న ఏర్పాటు అనుకోవడం వాస్తవానికి దగ్గర.

ఆకుకూరలకు వేరే పద్ధతి నడుస్తుంది. తోటకూర, పాలకూర విత్తిన 25, 30 రోజులకు కోతకొస్తాయి. ఒకేసారి చల్లితే ఒకేసారి వచ్చి పడతాయి. వారానికో మడి చొప్పున నాలుగైదు మళ్లు విడతలుగా చల్లించుకుంటే ఏ వారం చూసినా ఒక మడి చేతికి వచ్చి ఉంటుంది. దీనికి రైతు ఒప్పుకోవాలంటే ఆ మళ్లలో కట్టలన్నీ తీసుకుంటామన్న హామీ ఉండాలి. ఆకుకూర వరకు ఆ హామీ ఇవ్వొచ్చు, పెద్ద మొత్తం కాదు.

60 ఇళ్ల లెక్క

కింది ధరలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవి, ఊరిని బట్టి కాలాన్ని బట్టి మారతాయి. నార్సింగి, మణికొండ వైపు నాలుగు అపార్ట్‌మెంట్లు, కలిపి 60 ఇళ్లు. ట్రిప్పుకు ఇంటికి సుమారు 5 కిలోల కూరగాయలు, 4 కట్టల ఆకుకూర.

కొనేది: 300 కిలోలు, సగటున 25 చొప్పున 7,500. కట్టలు 240, ఐదేసి రూపాయలు, 1,200. మొత్తం 8,700.
అమ్మేది: కిలో సగటున 45 చొప్పున 13,500. కట్ట పది చొప్పున 2,400. మొత్తం 15,900.

తేడా 7,200. వాట్సాప్ గ్రూపు పెట్టిన రోజు కనిపించేది ఈ అంకే. ఇక ఖర్చులు చూస్తే, ట్రాలీ ఆటో కిరాయి రానూపోనూ, ఆగి ఉన్నందుకు కలిపి 2,200. సాయంత్రం కూర్చుని తూకం వేసి సంచులు కట్టే ఇద్దరికి 1,200. ఇంటింటికీ ఎక్కించే కుర్రాడికి 700. సంచులు 300. ఏరి పారేసినవీ మిగిలినవీ కలిపి కొన్నదాంట్లో పదో వంతు, 870. 'మా వంకాయల్లో రెండు పుచ్చులు' అన్నవాళ్లకు వెనక్కి ఇచ్చేది 300. ఫోన్లు, చిల్లర ఖర్చు 200. మొత్తం 5,770. చేతిలో మిగిలేది 1,430. నెలకు ఎనిమిది ట్రిప్పులు వేస్తే 11,440. నడిపే మనిషి జీతం అదే, లాభమూ అదే.

ఇప్పుడు ఇళ్లు 35కి తగ్గాయి అనుకోండి, సెలవులొచ్చాయి, ఇద్దరు ముగ్గురు అలిగారు. తేడా 4,200కి దిగుతుంది. బండి కిరాయి అదే 2,200, కుర్రాడి 700 అదే. సంచులు కట్టే కూలి 800కి తగ్గించి, ఫోన్ల ఖర్చు తప్ప మిగతావి కూడా ఇళ్ల లెక్కన తగ్గించి చూసినా ఖర్చు 4,758 తేలుతుంది, ట్రిప్పుకు 558 చేతినుంచి పోతుంది. అదే బండిలో 120 ఇళ్ల సరుకు, అంటే 600 కిలోలు వేస్తే? చిన్న ట్రాలీకి అది మోయగలిగే బరువే. ప్యాకింగ్ కూలీ రెట్టింపై, కుర్రాళ్లు ఇద్దరైనా ఖర్చు 9,140 దగ్గర ఆగుతుంది, 14,400 తేడాలో 5,260 మిగులుతుంది. ఇళ్లు రెట్టింపైతే మిగులు మూడున్నర రెట్లు దాటింది, ఎందుకంటే బండి కిరాయి కదల్లేదు.

కానీ ఆ 120 ఇళ్లు ఎక్కడున్నాయన్నది ముఖ్యం. ఒక గేటులో 15 ఇళ్లుంటే లిఫ్టులో ఎక్కి దిగి అరగంట, ముప్పావుగంటలో ముగించొచ్చు. అవే విడివిడి ఇళ్లయితే ఒక్కోదానికి ఎనిమిది నిమిషాలు వేసుకున్నా 60 ఇళ్లకు ఎనిమిది గంటలు. పొద్దున ఆరింటికి మొదలైతే ఆఖరి ఇంటికి మధ్యాహ్నం రెండింటికి చేరుతుంది. అప్పటికి ఆ ఇంట్లో వంట అయిపోయింది, తోటకూర వాడిపోయింది. కూకట్‌పల్లిలో ఎవరో ఫ్రెండు అడిగారని ఒక్క ఇంటి కోసం బండి తిప్పడం దగ్గరే చాలామంది డబ్బు కరిగిపోతుంది. ఒక గేటులో కనీసం పది ఆర్డర్లు లేకపోతే అక్కడికి వెళ్లకపోవడమే మంచిది, లేదంటే సెల్లార్‌లో ఒక్కచోట దింపి వాళ్లనే వచ్చి తీసుకోమనాలి.

వృథా సంగతి కూడా ఇంతే నిశ్శబ్దంగా దెబ్బ కొడుతుంది. 60 ఇళ్ల లెక్కలోనే పదో వంతు పోయేది ఐదో వంతు అయితే ఇంకో 870 పోయి, మిగులు 560కి పడుతుంది. ఆర్డర్లు ముందు రోజు మధ్యాహ్నానికే ఆపేసి, ఆ తరవాతే రైతుకు ఎన్ని కిలోలు కోయాలో చెప్పే పద్ధతి ఇందుకే. రాత్రి పదింటికి 'ఇంకో కిలో దొండకాయ వేయండి' అన్న మెసేజ్‌కి ఒప్పుకుంటూ పోతే, అంచనా మీద ఎక్కువ కొనడం అలవాటవుతుంది, సరుకు మిగిలిపోవడం మొదలవుతుంది.

కోసిన సాయంత్రం నుంచి తెల్లారేదాకా

సరుకు పాడయ్యేది ఎక్కువగా ఈ పన్నెండు గంటల్లోనే. ఆకుకూర కోశాక కూడా ఊపిరి పీలుస్తూనే ఉంటుంది, గుట్టగా పోస్తే లోపల వేడి పుడుతుంది. కట్టల మధ్యలోకి చెయ్యి దూర్చితే వెచ్చగా తగిలిందంటే తెల్లారేసరికి మెంతి పసుపు పడటం ఖాయం. పైన నీళ్లు చల్లితే తాజాగా కనపడుతుంది గానీ నీళ్లు నిలిచిన కట్ట లోపల నల్లబడి జిగురు పడుతుంది. ఎండ తగ్గాక కోయడం, పల్చగా పరచడం, పైన తడి గోనె కప్పడం, గాలి ఆడే క్రేట్లలో నిలబెట్టడం, ఇవి చాలు. కొత్తిమీర వేళ్లతో ఉంచితే ఎక్కువసేపు నిలుస్తుంది.

టమాటా బాగా పండింది కోస్తే సంచిలోనే చితుకుతుంది, దోరగా ఉన్నప్పుడే కోయించాలి. సంచి కట్టేటప్పుడు సొరకాయ, క్యారెట్ అడుగున, టమాటా పైన, ఆకుకూర విడిగా. చిన్న సంగతే, కానీ వెనక్కి ఇవ్వాల్సిన డబ్బులో పెద్ద భాగం ఇక్కడిదే. కొనేవాళ్లు చూసే గుర్తులు కూడా తెలిసినవే. బెండ తొడిమ కాదు, కొన విరుస్తారు, టక్కుమని విరగాలి. వంకాయకి ముచిక పచ్చగా ఉండాలి.

ఉల్లి, ఆలు దగ్గర నమ్మకం పరీక్ష

ఇంటికి కావాల్సింది వంకాయ, బెండ మాత్రమే కాదు. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ కావాలి. చేవెళ్ల రైతు దగ్గర అవి ఏడాదంతా ఉండవు. ఉల్లి కర్నూలు నుంచో మహారాష్ట్ర నుంచో, ఆలు ఎక్కువగా ఉత్తరాది నుంచి వస్తుంది. ఇవి లేవంటే ఆ ఇంటివాళ్లు ఎలాగూ దుకాణానికి వెళ్తారు, వెళ్లినవాళ్లు వంకాయ కూడా అక్కడే కొంటారు. అందుకే చేర్చేవాళ్లు మార్కెట్‌లో కొని కలపక తప్పదు. కలపడంలో తప్పులేదు, కలిపి 'మా రైతుల దగ్గర నుంచి' అనడంలోనే ఉంది. మే నెల ఎండల్లో బోర్లు ఎండిపోయిన రోజుల్లో కూడా జాబితాలో అన్ని కూరలూ ఉంటే, ఒకే సైజులో ఏరినట్టు ఉంటే, కొనేవాళ్లకి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? జాబితాలో 'ఊరి సరుకు', 'మార్కెట్ సరుకు' అని రెండు భాగాలు పెట్టినవాళ్లకు ఈ గొడవ లేదు.

'ఆర్గానిక్' అన్న మాట దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. రైతు మందు కొట్టలేదని చెప్పడం వేరు, ఆ పేరుతో అమ్మడం వేరు. ఆ మాట వాడాలంటే పీజీఎస్ లాంటి ధ్రువీకరణ ఉండాలన్నది నియమం. చిన్న రైతు నేరుగా అమ్ముకుంటే కొంత వెసులుబాటు ఉంది గానీ పదిమంది దగ్గర కొని కలిపి అమ్మేవాళ్లు ఆ వెసులుబాటు తమకూ ఉందనుకోకూడదు. ఏ ఊరు, ఏ రోజు కోత అని రాస్తే చాలు, అది నిజం, దాన్ని వెళ్లి చూసుకోవచ్చు కూడా.

ధర ఎగిరినప్పుడు, పడినప్పుడు

2023 జూలైలో టమాటా కిలో వంద దాటి ఎగిరింది, సెప్టెంబరు కల్లా రైతుకు పది రూపాయల దరిదాపులకు పడింది. ఇలాంటి ఏడాది నేరుగా ఇళ్లకు ఇచ్చే ఏర్పాట్లన్నిటికీ పరీక్షే. ధర స్థిరంగా 40 అని పెట్టుకుంటే, ఎగిరినప్పుడు రైతు మార్కెట్‌కి వెళ్తాడు, పడినప్పుడు కొనేవాళ్లు తోపుడు బండి దగ్గరికి వెళ్తారు. ఎవరినీ తప్పుపట్టలేం. రైతుబజార్ ధరల బోర్డు రోజూ ఉంటుంది, అందరూ దాన్నే చూసి పోల్చుకుంటారు.

మార్కెట్‌ని పూర్తిగా అనుసరిస్తే ఈ చిక్కు ఉండదు, కానీ అప్పుడు ఇక్కడే కొనడానికి కారణమూ మిగలదు. మధ్యేమార్గంగా కొందరు అడుగు ధర, పై ధర పెట్టుకుంటారు. టమాటా ఎంత పడినా రైతుకు 15 కంటే తగ్గించరు, ఎంత పెరిగినా ఇంటికి 70 దాటించరు అన్నట్టు. పడినప్పుడు కొనేవాళ్లు కాస్త ఎక్కువ ఇస్తారు, ఎగిరినప్పుడు రైతు కాస్త వదులుకుంటాడు. ఇది ముందే చెప్పి, రెండు వైపులా ఒప్పుకుంటేనే నిలుస్తుంది. అలా నిలిచినా మరీ విపరీతంగా పెరిగిన వారం టమాటా జాబితాలోంచి తీసేయడమే నయం. వందకు కొని డెబ్బైకి ఇవ్వడం ఎవరివల్లా కాదు.

పాలు, పండ్లు ఎందుకు వేరు

పాలు ఇంకా నమ్మకమైన గిరాకీ అనిపిస్తుంది, రోజూ కావాలి కాబట్టి. ఆ 'రోజూ' అన్నదే కష్టం కూడా. ఏడాదిలో ఒక్క తెల్లవారు కూడా మానడానికి లేదు. పిండిన పాలు చల్లబరచకపోతే ఎండాకాలంలో మూడు నాలుగు గంటల్లో విరిగే దశకు వస్తాయి, 4 డిగ్రీల దాకా దింపే కూలర్ లేకుండా యాభై కిలోమీటర్లు తేవడం జూదమే. పైగా గేదె ఏడాది పొడవునా ఒకేలా ఇవ్వదు. వేసవిలో పాలు తగ్గుతాయి, సరిగ్గా అప్పుడే ఇళ్లలో పెరుగు, మజ్జిగ వాడకం పెరుగుతుంది. నీళ్లు కలిసేది ఆ రోజుల్లోనే. లాక్టోమీటర్ ఒక్కటే చూస్తే సరిపోదు, నీళ్లతో పాటు పంచదారో పాలపొడో పడితే అది సరిగ్గానే చూపిస్తుంది. వెన్నశాతం కూడా కొలవాలి, రైతుకు ఆ లెక్కనే డబ్బివ్వాలి. కూరగాయలతో కుదురుకుని, అవే ఇళ్లు అడిగాక పాలకు వెళ్లడం తక్కువ నష్టంతో అయ్యే పని.

కాగితాల వైపు పెద్ద భారం లేదు. తాజా కూరగాయలు, పండ్లు, పాల మీద జీఎస్టీ లేదు. ఆహార వ్యాపారంగా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి, దాన్ని ఏటా వేయించుకోవాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అనుమతి వీటన్నిటికంటే ఆలస్యం అవుతుంటుంది.

పండ్లు సీజన్ సరుకు. మామిడి ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ముందే డబ్బు కట్టించుకుని పెట్టెల లెక్కన ఇవ్వొచ్చు కాబట్టి సరుకు మిగిలిపోయే బెడద తక్కువ. కార్బైడ్‌తో మగ్గబెట్టడం నిషేధం, గడ్డిలో మగ్గాలంటే వారం దాకా పడుతుంది. అందుకే కొందరు పచ్చిగా ఉన్న పక్వపు కాయే ఇచ్చి, ఎలా మగ్గబెట్టుకోవాలో చీటీ మీద రాసి పెడతారు. ఎండాకాలంలో ఊరి కూరగాయలు తగ్గి, పిల్లల సెలవులకు సగం ఇళ్లు తాళాలు పడి, 60 ఇళ్లు 35 అయ్యేది సరిగ్గా ఈ నెలల్లోనే. పైన చూసిన 558 రూపాయల లోటును అదే బండిలో వెళ్లే పది, పదిహేను మామిడి పెట్టెలు పూడ్చేస్తాయి.